గుర్తు పెట్టని శీర్షిక

కర్నూలు పాతబస్తీలో, తుంగభద్ర గట్టుకు దగ్గరగా ఒక చిన్న అరబ్బీ మదరసా ఉండేది. దానికి పెద్దగురువు షేక్ నూరుద్దీన్. మనిషి పండితుడే గాని ఎవరితోనూ పడేది కాదు. మదరసా నడిపే కమిటీకి పెద్ద అయిన తోళ్ల వ్యాపారి మదార్ సేఠ్‌తో అసలే పడేది కాదు. బడి వెనక గదిలో సేఠ్ మేకతోళ్లు నిలవ చేసుకునేవాడు. పిల్లలు ముక్కు మూసుకుని పాఠం చెబితే అరబ్బీ అక్షరాలు సగం ముక్కులోంచే వస్తాయని నూరుద్దీన్ ఆ తోళ్లన్నీ వీధిలో వేయించాడు. ఆ పంచాయితీ తెగకముందే, వెయ్యిన్ని తొమ్మిదివందల ముప్ఫైనాలుగులో ఆయన హజ్ యాత్రకు బయలుదేరాడు. యాత్ర ముగిశాక తిరిగి రాలేదు. కైరోలో పండితుల దగ్గర చదువుకుంటున్నానని ఒక జాబు రాశాడు. ఆ తర్వాత జాబులు మాని, అక్కడి అరబ్బీ పత్రికలు కట్టగట్టి పంపడం మొదలుపెట్టాడు.

ఆయన లేని కాలంలో బడి చూసుకున్నవాడు రెండో గురువు హబీబుల్లా. అందరూ మౌల్వీసాబ్ అనేవాళ్లు. వ్యాకరణంలో ఆయనకు ఆ జిల్లాలో సాటి లేదు. వాక్యంలో కర్త దాక్కున్నా, క్రియ దాక్కున్నా జుట్టు పట్టుకుని బయటికి లాగేవాడు. తోళ్లు మళ్లీ వెనక గదిలోకి వచ్చినప్పుడు మాత్రం ఆయన ఏమీ అనలేదు. పెద్దగురువు కుర్చీ ఖాళీగానే ఉంది. దాని పక్కన చాప వేసుకుని కూర్చునేవాడు. ఒకనాటికి ఆ కుర్చీ తనదవుతుందన్న ఆశ ఆయనకు లేదని చెప్పలేం.

పత్రికలు వచ్చిన రోజున సేఠ్ మనుషులను పోగుచేసుకుని వచ్చి కూర్చునేవాడు.

"చదవండి మౌల్వీసాబ్. దునియాలో ఏమి జరుగుతాండాదో వింటాం."

మౌల్వీసాబ్ కళ్లజోడు సర్దుకుని పైనున్న పెద్ద అక్షరాల వరస చదివేవాడు. "వుసూలు వజీర్. మంత్రి రాక." అని ఆగేవాడు.

"వచ్చినాడా?"

"అట్ల చెప్పలేం సేఠ్. ఇది వాక్యం కాదు. రాక అన్నాడంతే. ఆ రాక ఏమైంది? మంచిదైందా, చెడ్డదైందా, ఆలస్యమైందా? చెప్పలేదు. ముందర 'ఇది' అనే మాట దాగి ఉండాదనుకుంటే, 'ఇది మంత్రి రాక' అని అర్థం."

"ఏది?"

ఖురాన్‌నూ పాత కావ్యాలనూ నీళ్లలా చదివే మనిషి పత్రిక ముందు చెమట్లు కక్కేవాడు. పాఠాల పుస్తకాల్లో ప్రతి అక్షరం మీదా కిందా అచ్చుల గుర్తులు ఉంటాయి. పైన గీత పెడితే జబర్, అంటే 'అ' పలకాలి. పైన చిన్న కొక్కెం పెడితే పేష్, అంటే 'ఉ'. కింద గీత జేర్, అంటే 'ఇ'. మాట చివర ఏ గుర్తు ఉందో చూస్తే అది కర్తో కర్మో తెలిసిపోతుంది. పత్రికలో ఒక్క గుర్తూ ఉండదు. మాటలన్నీ బోడితలలతో వరసగా నిలబడి ఉంటాయి. క్రియ కోసం వెతికితే నామవాచకాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తాయి.

"ఈ కైరో వాళ్లకు అరబ్బీ రాదు," అని ఒకరోజు తేల్చేశాడు.

ఆ రోజు అక్కడ బసవరాజు ఉన్నాడు. ఆయన ఊళ్లో తెలుగు వారపత్రిక నడిపే సంపాదకుడు. విదేశీ వార్తలేవైనా దొరుకుతాయేమోనని అప్పుడప్పుడు వచ్చి కూర్చునేవాడు. అరబ్బీ ముక్క రాదు గాని అర్థం చెబితే రాసుకునేవాడు. ఆయన నవ్వాడు.

"వాళ్లకు రాక కాదు మౌల్వీసాబ్, చోటు లేక. మేమూ అట్లనే రాస్తాం. 'కలెక్టరు రాక' అని అచ్చేస్తే కలెక్టరు వచ్చినాడనే అర్థం. 'కోసిగిలో కరువు' అంటే కరువు ఏం చేసిందని ఎవరన్నా అడుగుతారా? పత్రిక తలకట్టులో, అంటే శీర్షికలో, క్రియ ఉండదప్పా. పనిని పేరుగా మార్చి పెడతాం. చదివేటోడు దాన్నే క్రియ చేసుకుంటాడు."

మౌల్వీసాబ్ పత్రిక తిరగేసి ఇంకో శీర్షిక తీశాడు. అది చూసి సేఠ్ వైపు చూశాడు.

"ఇందులో తోళ్ల సంగతి ఉండాది సేఠ్."

సేఠ్ ముందుకు జరిగాడు. మౌల్వీసాబ్ ఉర్దూ అలవాటు కొద్దీ చివరి మాట నుంచి వెనక్కి కూర్చుకుంటూ వచ్చాడు.

"హిందూస్థానపు తోళ్లు... వాటి ప్రవేశం..."

"అల్లా!" అన్నాడు సేఠ్.

"ప్రవేశ నిషేధం."

సేఠ్ మొహం వాడిపోయింది.

"నిషేధం రద్దు."

సేఠ్ మళ్లీ వెలిగాడు. పక్కనున్న వాడి భుజం తట్టాడు.

"రద్దు కోసం కోరిక."

"కోరికా? ఎవరిది? సరే, కోరినారు, తర్వాత?"

"ఆ కోరిక తిరస్కారం."

"అయితే నా తోళ్లు పోతాయా, పోవా?"

"పోవు."

"మొదటే చెప్పొచ్చు గదా!"

"మొదటే చెప్పినాడు సేఠ్," అన్నాడు మౌల్వీసాబ్, ఆశ్చర్యంగా. ఆయనకు అప్పుడే తట్టింది. "వరసలో మొదటి మాట 'రఫ్జు', తిరస్కారం. నేనే తోక నుంచి వచ్చినా."

"మా తెలుగులో దీన్నే రాయాలంటే తిరగబడుతుంది," అన్నాడు బసవరాజు. "'తోళ్ల ప్రవేశ నిషేధ రద్దు కోరిక తిరస్కారం.' మాకు యజమాని చివర కూర్చుంటాడు. మీకు ముందర కూర్చున్నాడు. వాణ్ని పట్టుకుంటే తక్కినోళ్లంతా వాని వెనక కట్టిన బండ్లే."

ఆ మధ్యాహ్నం మౌల్వీసాబ్‌కు కొత్త కళ్లు వచ్చినట్టయింది. ఇంటికి పోబోతున్న బసవరాజును వాకిట్లో ఆపి ఇంకా ఏమైనా కిటుకులున్నాయా అని అడిగాడు. బసవరాజుకు అంతటి పండితుడు తనను అడగడం ముచ్చటేసింది.

"ఇంకొకటుండాది. పై వరస పెద్దక్షరాలు, కింది వరస చిన్నక్షరాలు ఉంటే అవి రెండు వేరువేరు తలకట్లు. పైది అసలు ముక్క, కిందిది దానికి తరువాయి. రెండూ కలిపి చదవగూడదు."

తన పత్రికలో ఆయన అలాగే అచ్చు వేసేవాడు. కైరోలోనూ అలాగే వేస్తారని ఎందుకనుకున్నాడో ఆయననే అడగాలి.

అప్పటి నుంచి మౌల్వీసాబ్ పత్రికలు గడగడ చదవసాగాడు. క్రియ కోసం వెతకడం మానేశాడు. మొదటి మాటను పట్టుకోవడం, అది పనిపేరని గుర్తుపట్టడం, జరిగిపోయిందని చెప్పడం. సేఠ్ మెచ్చుకున్నాడు. బసవరాజు వారపత్రికలో 'ఈజిప్టు వార్తలు' అని ఒక మూల తెరిచాడు. మతం మార్చుకున్నవాడికి ఉండే పట్టుదల మౌల్వీసాబ్‌కు వచ్చింది. శీర్షికలో క్రియ ఉంటుందని ఎవరైనా అంటే ఇప్పుడు ఆయనే నవ్వేవాడు.

ముప్ఫైఆరులో వేసవి మొదట్లో నందికొట్కూరు నుంచి ఒక హాజీ వచ్చాడు. అప్పుడే యాత్ర నుంచి తిరిగొచ్చాడు. మదరసాకు ఖర్జూరాలు తెచ్చాడు. అవి చుట్టిన కాగితం ఒక అరబ్బీ పత్రిక ముక్క, అంచున కైరో పత్రిక పేరు ఉంది. పొట్లం విప్పి పిల్లలకు పంచుతూ మౌల్వీసాబ్ ఆ జిడ్డు కాగితం వైపు చూసి, చెయ్యి ఆపేశాడు. పై వరసలో పెద్దక్షరాలతో షేక్ నూరుద్దీన్ అల్ హిందీ, అంటే హిందూస్థానపు నూరుద్దీన్, అన్న పేరు ఉంది. దాని కింద చిన్నక్షరాల వరస. ఆ కింద కాగితం చిరిగిపోయి ఉంది.

ఆయన పిల్లలను పంపేసి చాలాసేపు ఆ ముక్క పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం సేఠ్‌నూ బసవరాజునూ పిలిపించాడు.

"పై వరసలో మొదటి మాట 'నఫ్య్'. దేశం నుంచి వెళ్లగొట్టడం. షేక్ నూరుద్దీన్ హిందీ బహిష్కారం. కింది వరస 'ఖబర్ వఫాతిహీ ఫిస్సువైస్.' సూయజులో ఆయన మరణవార్త."

సేఠ్ ఆ ముక్క అందుకుని తిరగేసి చూశాడు.

"ఆయన ఊరుకునే మనిషి కాదు," అన్నాడు సేఠ్ చివరికి. "ఆడ సర్కారును గూడా ఏదో అనింటాడు. వెళ్లగొట్టినారు. సూయజులో ఓడ ఎక్కబోతూ... యా అల్లా."

"కింద రాసింది ఏమైంది?" అని బసవరాజు చిరిగిన అంచు చూపించాడు.

"హాజీని అడిగినా. పొట్లం కట్టిచ్చిన దుకాణంలోనే అట్లుండిందంట."

"రెండు వరసలూ సరిపోతాండాయి. పైది సంగతి, కిందిది తరువాయి," అని బసవరాజు తల ఊపాడు. తాను చెప్పిన కిటుకు ఇంత పెద్ద వార్తకు పనికొచ్చినందుకు ఆయనకు దుఃఖంలోనే ఒక తృప్తి కలిగింది. ఆ వారమే 'కర్నూలు పండితుని బహిష్కారం', దాని కింద 'సూయజులో మరణం' అని అచ్చు వేశాడు.

ఊళ్లో ఆయన పేర ఫాతిహా ప్రార్థనలు చదివించారు. సంతాపసభ పెట్టారు. నూరుద్దీన్ నోటి దెబ్బ తినని వాడు ఆ సభలో లేడు. అందరూ ఆయనను పొగిడారు. ముఖం మీదే నిజం చెప్పే ధైర్యం ఆయనదన్నారు. సేఠ్ మాట్లాడుతూ, బడి శుభ్రంగా ఉండాలని ఆయన ఎంత తపించాడో చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. వెనక గదిలో తోళ్ల వాసన సభలోకి వస్తూనే ఉంది. సభ ముగిసేలోగా రెండు తీర్మానాలు జరిగాయి. హబీబుల్లా మౌల్వీసాబ్‌ను పెద్దగురువును చేయాలి. బడి వాకిలి మీద నూరుద్దీన్ జ్ఞాపకంగా ఒక రాయి పెట్టాలి. రాతి మీద ఏం చెక్కించాలని అడిగితే సేఠ్ ఒక్క క్షణం ఆలోచించాడు.

"మన మాటలెందుకు? కైరో పత్రికలో పడిన మాటలే చెక్కిద్దాం. మన ఊరోని పేరు అంత దూరం పత్రికలో పడిందని నలుగురికీ తెలియాల."

నూరుద్దీన్ భార్య వజీరున్నీసా ఆ వీధి చివరి ఇంట్లో ఉండేది. పిల్లలు లేరు. మౌల్వీసాబ్ ఆమెను ఆపా అనేవాడు, అంటే అక్క. కబురు చెప్పడానికి పోయినప్పుడు ఆమె తెర వెనక నుంచి అంతా విన్నది.

"వెళ్లగొట్టినారంటే నమ్ముతా," అన్నది. "ఆయనను ఎవరైనా వెళ్లగొడతారు. సచ్చిపోయినాడంటేనే నమ్మబుద్ధి కాదు. నాకు ఒక్క మాట చెప్పకుండా, నా మీద ఒక్క తప్పు ఎత్తకుండా ఎట్ల పోతాడు?"

"పత్రికలో పడింది ఆపా."

ఆమె గాజులు తీసింది. భర్త పోయిన ఆడది ఇల్లు కదలకుండా ఉండే గడువును ఇద్దత్ అంటారు. మౌల్వీసాబే లెక్క చెప్పి ఆమెను ఇద్దత్‌లో కూర్చోబెట్టాడు.

ఆయన పెద్దగురువు కుర్చీలో కూర్చున్నాడు. మొదట కొంచెం ఇబ్బందిగా ఉన్నా, కుర్చీ మెత్తగానే ఉంది.

రాయి బేతంచెర్ల నుంచి వచ్చింది. వాకిలి దూలం పొడవునా పట్టే సన్నని పలక. చెక్కే మనిషి పద్ధతి తెలిసినవాడు. దర్గాల మీద రాసినట్టు అక్షరాలకు గుర్తులన్నీ పెట్టి నమూనా ఇమ్మన్నాడు. పలక సన్నం కాబట్టి రెండు వరసలు పట్టవు, ఒకే వరసగా రాసివ్వాలన్నాడు. మౌల్వీసాబ్ కాగితం, కలం తీసుకుని కూర్చున్నాడు. అక్షరాలు అందంగా రాశాడు. తర్వాత గుర్తులు పెట్టబోయాడు.

మొదటి మాట మీద పెట్టాడు. 'నఫ్యు', బహిష్కారం. తర్వాతి మాటకు కింద జేర్, 'షేఖి', షేక్ యొక్క. పేరు ముగిసింది. తర్వాత 'ఖబర్'. ఇది కొత్త ముక్కకు మొదటి మాట కాబట్టి చివర పేష్ రావాలి, 'ఖబరు'. కలం ఆ మాట మీదికి పోయి ఆగింది.

ఒకే వరసలో చూస్తే ఏదో కుంటింది. 'షేక్ బహిష్కారం ఆయన మరణవార్త.' రెంటినీ కలిపేది ఏది? మధ్యలో 'మరియు' లేదు. రెండు వరసలుగా ఉన్నప్పుడు అవసరం అనిపించలేదు. ఒక్క వరసలో పెట్టేసరికి రెండు తలలు ఒకే మొండెం మీద నిలబడ్డాయి. ఆయన ఒక్క ఊపిరిలో పైకి చదివాడు. ఎన్నో ఏళ్లుగా వ్యాకరణం చెప్పిన నాలుక, ఆయనను అడగకుండానే ఖబర్ చివర జబర్ పెట్టి పలికింది. 'ఖబర.' కర్మ.

మౌల్వీసాబ్ కలం కింద పెట్టాడు.

ఖబర్ కర్మ అయితే, అంతకుముందు క్రియ ఉండాలి. మొదటి మాట వైపు చూశాడు. ఈజిప్టు అచ్చుల్లో మాట చివరి 'య'కు కింద చుక్కలు పెట్టరు. చుక్కలుంటే అది 'నఫ్య్', బహిష్కారం. చుక్కలు లేకపోతే అదే అక్షరం 'ఆ' అని పలికి 'నఫా' కూడా కావచ్చు. నఫా క్రియ. వెళ్లగొట్టాడనీ అర్థం ఉంది, కాదన్నాడనీ ఉంది. ఎదురుగా వార్త ఉంటే కాదన్నాడనే. 'నఫష్షేఖు నూరుద్దీని అల్ హిందీయ్యు ఖబర వఫాతిహీ.' షేక్ నూరుద్దీన్ హిందీ, సూయజులో తాను మరణించాడన్న వార్తను కాదన్నాడు.

ఈ లెక్కన ఏ మాటనూ దాగి ఉందనుకోనక్కర్లేదు. 'మరియు' అక్కర్లేదు. వాక్యం నాలుగు కాళ్ల మీద నిలబడింది. జీవితమంతా క్రియ కోసం వెతికిన మనిషి, వెతకడం మానేసిన తర్వాత అది ఎదురొస్తే దాన్నే శవం చేశాడు.

మొదటి చదువు కూడా పూర్తిగా తప్పు కాదు. రెండు వరసలను విడివిడిగా తీసుకుంటే చెల్లుతుంది. ఆ సంగతి తలుచుకుని ఆయన కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. వెంటనే తెర వెనక ఉన్న బోసి చేతులు గుర్తొచ్చాయి. కాగితం మడిచి పట్టుకుని లేచాడు.

ముందు సేఠ్ దగ్గరికి పోయాడు. అంతా చెప్పాడు. సేఠ్ రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"అంటే ఆ ఒక్క మాట మీద కొక్కెం పెడితే సచ్చినాడు, గీత పెడితే బతికినాడు. అంతేనా?"

"అంతే సేఠ్."

"రెండూ వ్యాకరణానికి సరేనా?"

"సరే గాని, రెండోది ఇంకా..."

"రెండూ సరే అన్నారు గదా." సేఠ్ గడ్డం సవరించుకున్నాడు. "సభ అయిపాయె. తాలూకా పెద్దలంతా వచ్చిపోయిరి. మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెడితిమి. ఇప్పుడు పోయి ఏమని చెప్తాం? ఒక పని చేయండి. ఏ గుర్తూ పెట్టొద్దు. పత్రికలో లేనివి మనమెందుకు పెట్టాల?"

మౌల్వీసాబ్ అక్కడి నుంచి వారపత్రిక ఆఫీసుకు పోయాడు. బసవరాజు సీసపు అచ్చక్షరాలు ఏరుతూ విన్నాడు. విన్న తర్వాత చేతులు తుడుచుకున్నాడు.

"నా పత్రికలో పడింది మౌల్వీసాబ్. మనిషి సచ్చిపోయినాడని వేసి, మళ్లీ బతికినాడని వేస్తే చందాదారులు ఏమంటారు?"

"నిజమే గదా?"

"నిజమైతే ఆయనే వస్తాడు. వస్తే 'నూరుద్దీన్ రాక' అని వేస్తా. అది కొత్త వార్త అవుతుంది, దిద్దుబాటు కాదు." గొంతు తగ్గించాడు. "రెండు వరసలు కలపగూడదని చెప్పింది నేనే. అది ఎవరికీ చెప్పొద్దప్పా."

ఇక మిగిలింది ఒక్క ఇల్లే. వీధి చివరికి నడుస్తూ మౌల్వీసాబ్ మధ్యలో ఒకసారి ఆగాడు. ఆయన బతికుంటే కుర్చీ పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రాతి మీద గుర్తులుండవు. ఈ జిల్లాలో ఆ ముక్కను సరిగా చదవగలవాడు తనొక్కడే. ఆ మాట అనుకున్నప్పుడే ఆయనకు సిగ్గేసింది. తలుపు తట్టాడు.

తెర ఇవతల కూర్చుని, గుర్తుల సంగతి ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలా తంటాలు పడ్డాడు. ఆమె మధ్యలో అడ్డం వచ్చింది.

"ఆ మాటలన్నీ నాకెందుకు? ఆయన సచ్చిపోయినానన్న మాటను కాదన్నాడంటావు. అంతే గదా?"

"అట్ల చదవొచ్చు ఆపా."

తెర వెనక ఆమె నవ్వింది. ఏడుస్తోందేమో అని మౌల్వీసాబ్ మొదట అనుకున్నాడు.

"పెళ్లయిన రోజు నుంచి చూస్తాండా. నేను ఏది చెప్పినా కాదనేదే ఆయన పని. కూరలో ఉప్పుందంటే లేదంటాడు. ఊరంతా సచ్చిపోయినావంటే ఒప్పుకుంటాడా? నువ్వు మొదట చదివింది పత్రిక హబీబుల్లా. ఇది మా ఆయన." మళ్లీ గొంతు మారింది. "గాజులు తీయించినావే నాతో."

మౌల్వీసాబ్ తల దించుకున్నాడు.

"ఆ పత్రిక వాళ్లకు జాబు రాయి. ఈడనే కూర్చుని రాయి. నా పేరుతో రాయి."

ఆయన అక్కడే కూర్చుని పత్రిక వాళ్ల పేర కైరోకు జాబు రాశాడు. ఏ వాక్యంలోనూ ఏ మాటా దాచలేదు. ప్రతి అక్షరానికీ గుర్తులు పెట్టాడు. కైరో నుంచి జవాబు మాత్రం రాలేదు. ఆమె ఇద్దత్ ముగించలేదు, కొనసాగించలేదు. తెల్ల చీర కట్టుకుని, తలుపు తీసి ఉంచి, వాకిట్లో కూర్చునేది. ఎవరైనా అడిగితే, "మౌల్వీసాబ్‌ను అడగండి, ఇంకా గుర్తు పెట్టలేదు," అనేది.

రాయి వాకిలి మీదికి ఎక్కింది. బోడి అక్షరాలతో బాగానే ఉంది. ఊళ్లో చదవగలిగిన వాళ్లు లేరు కాబట్టి చూసిన వాళ్లంతా కళ్లకద్దుకున్నారు.

వానలు తగ్గే రోజుల్లో ఒక ఉదయం రైలు దిగి జట్కాలో షేక్ నూరుద్దీన్ వచ్చాడు. నల్లబడి, సన్నబడి, తలమీద ఎర్ర టోపీతో ఉన్నాడు. వీధిలో జనం తప్పుకున్నారు. కొందరు పరుగెత్తి సేఠ్‌కు చెప్పారు. సేఠ్ చెప్పులు లేకుండా వచ్చాడు. పాఠం ఆపి మౌల్వీసాబ్ వాకిట్లోకి వచ్చేసరికి నూరుద్దీన్ జట్కా దిగి, తల ఎత్తి, వాకిలి మీది రాయిని చూస్తున్నాడు.

సేఠ్ మౌల్వీసాబ్ వెనక్కి జరిగాడు.

నూరుద్దీన్ పెదవులు కదిలాయి. 'నఫష్షేఖు నూరుద్దీని అల్ హిందీయ్యు ఖబర వఫాతిహీ ఫిస్సువైస్.' తడుముకోలేదు. ఒక్క ఊపిరిలో పూర్తిచేసి సేఠ్ వైపు తిరిగాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సేఠ్! నేను బతికుండానని రాయి చెక్కించినారా?"

సేఠ్ మౌల్వీసాబ్ వైపు ఒకసారి చూశాడు. తర్వాత, "ఇంకేమి చేయమంటారు హజ్రత్," అన్నాడు.

"సూయజులో ఇంకో నూరుద్దీన్ పోయినాడు. బొంబాయి మనిషి. కైరో పత్రిక వాడు నా పేరు వేసినాడు. నేనే పోయి గొడవ చేసి ఇది వేయించినా. నా ఊళ్లో నాకు ఎవరూ లేరనుకున్నా సేఠ్. ఇంత దూరాన ఆ ముక్క పట్టుకుని, రాతి మీదికి ఎక్కించినారు!" ఆయన సేఠ్‌ను కౌగిలించుకున్నాడు. ఎన్నడూ ఎవరినీ కౌగిలించుకోని మనిషి. సేఠ్ ఆయన భుజం మీద నుంచి ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"గుర్తులు పెట్టించలేదేం?" అన్నాడు నూరుద్దీన్ వదిలిపెట్టి.

"చోటు చాల్లేదు," అన్నాడు సేఠ్.

"అవసరమూ లేదులే. దీన్ని తప్పుగా చదివే మూర్ఖుడు ఎవడుంటాడు?"

మౌల్వీసాబ్ ఆ మాట విని లోపలికి పోయి కుర్చీ మీది తన పుస్తకాలు తీసి చాప మీద పెట్టుకున్నాడు. ఆ పక్క జనంలో నిలబడి బసవరాజు జేబులోంచి పెన్సిలు తీసి ఏదో రాసుకుంటున్నాడు.

నూరుద్దీన్ ఇంటికి పోయాడు. వజీరున్నీసా వాకిట్లోనే ఉంది. తెల్ల చీర చూసి, "ఇదేమి వేషం?" అన్నాడట.

"ఎండకు చల్లగుంటుందని," అన్నదట ఆమె.

"తెలుపు నీకు నప్పదు," అన్నాడట. ఆమె లోపలికి పోయి గాజులు తొడుక్కున్నది.

ఊళ్లో సంతాపసభ సంగతి ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఆ సభకు వచ్చిన వాళ్లందరికీ చెప్పకుండా ఉండటంలో లాభం ఉంది. ఆ వార్త పడిన వారపత్రిక ప్రతులను బసవరాజే ఇంటింటికీ తిరిగి వెనక్కి తెచ్చుకున్నాడని అనేవాళ్లు. సేఠ్ మాత్రం ఇరుక్కుపోయాడు. అంత ప్రేమగా రాయి పెట్టించిన మనిషి తోళ్ల విషయంలో మాట కాదనలేడు కదా. వారం తిరగకముందే వెనక గది ఖాళీ అయింది. దాన్ని కడిగించి, కైరో నుంచి తెచ్చిన పుస్తకాలు పెట్టుకున్నాడు నూరుద్దీన్. అరబ్బీ పత్రికలు చదవడం కూడా పాఠాల్లో చేర్చాలన్నాడు. దానికీ సేఠ్ తల ఊపాడు.

ఆ పాఠం మౌల్వీసాబ్‌కే అప్పగించారు.

మొదటి రోజు పిల్లలు పలకలు పట్టుకుని కూర్చున్నారు. మౌల్వీసాబ్ ఒక శీర్షిక నల్లబల్ల మీద రాశాడు. గుర్తులు లేకుండా, రెండు వరసల్లో.

"మొదట ఏం చూడాల?" అని అడిగాడు.

"మొదటి మాట," అన్నారు పిల్లలు. ఆ సంగతి వాళ్లు అప్పటికే విని ఉన్నారు.

"దాని తర్వాత?"

మౌల్వీసాబ్ బల్ల వైపు తిరిగి రెండు వరసల మీదా వేలు జరిపాడు.

"మిగతావన్నీ," అన్నాడు. "తొందరపడకుండా, చివరిదాకా."

నూరుద్దీన్ వెనక గది గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "అది గాదు హబీబుల్లా," అంటూ లోపలికి వచ్చి, ఆ పాఠం తానే మొదటి నుంచి మొదలుపెట్టాడు.